ఏడు గీతల ట్యాంకు: ఊరికీ పేటకీ కలిపి ఒకే నీళ్ల టైము

(ఉత్తరాంధ్రలోని ఒక గ్రామ సర్పంచ్, భిలాయి సెక్టర్ 6లో తన ఊరివాళ్లు కూడిన చోట చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లో తేలని నీళ్ల సంగతి ఇక్కడిదాకా ఎందుకు తెచ్చావమ్మా అని కొందరు అడిగారు. గ్రామసభలో ఒక మాట కుదిరిందనుకునేసరికి రాత్రికి భిలాయి నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఊరివైపు కొడుకులు తండ్రులకి ఒకటి చెబుతున్నారు, పేటవైపు తమ్ముళ్లు అక్కలకి ఇంకొకటి చెబుతున్నారు. ఆ ఫోన్లు చేసేవాళ్లంతా ఈ హాల్లోనే ఉన్నారు. అందుకే వచ్చాను.

మన ట్యాంకు నలభై వేల లీటర్లది. ఎండాకాలంలో బోరు తగ్గిపోయి రోజుకి ఒక్కసారే నిండుతోంది. ఊళ్లో 150 ఇళ్లు, 600 మంది. పేటలో 60 ఇళ్లు, 240 మంది. మొత్తం 840. నలభై వేలని 840తో భాగిస్తే మనిషికి 48 లీటర్లు కూడా రావు. జలజీవన్ మిషన్ లెక్క మనిషికి 55. అంటే ఎవరూ దొంగిలించకపోయినా కొరత ఉంది. ఈ కొరతని ఎవరు ఎంత మోయాలన్నదే మన తగువు.

ఇప్పుడు ఏం జరుగుతోంది? పొద్దున ఐదింటికి రెండు వాల్వులూ ఒకేసారి తిప్పుతున్నారు. చూడ్డానికి సమానమే. కానీ ఊరి లైను ట్యాంకు పక్కనుంచే పల్లానికి పోతుంది. పేట లైను 800 మీటర్లు పోయి, చివర మెరక ఎక్కాలి. ఆ పైపు 75 మిల్లీమీటర్లది. ఖాళీగా ఉంటే అది నిండడానికే మూడున్నర వేల లీటర్లు కావాలి. అది నిండేలోపు ఊళ్లో బిందెలు నిండిపోతాయి, కొన్ని ఇళ్లలో కుళాయికి తగిలించిన టుల్లు పంపులు కూడా నడుస్తాయి. నేను పదిహేను లీటర్ల బకెట్టు పెట్టి ఫోన్లో టైము చూశాను. ఊరి మొదటి ఇంట్లో ఒక నిమిషం పట్టింది. పేట చివరి కుళాయి దగ్గర ఏడు నిమిషాలు పట్టింది. వాల్వు తెరిచిన టైము ఇద్దరికీ ఒకటే, చేతికొచ్చిన నీళ్లు మాత్రం ఒకటి కాదు.

మన గ్రామసభ పుస్తకంలో 'అందరికీ సమానంగా' అని తీర్మానం రాసి ఉంది. మహద్‌లో కూడా తీర్మానం ఉండేది. 1923లో బొంబాయి కౌన్సిల్లో బోలే తీర్మానం నెగ్గింది, మరుసటి ఏడాది మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువుని అందరికీ తెరిచామంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి దోసిలి పట్టేదాకా అంటరానివాళ్లెవరూ అక్కడ నీళ్లు తాగలేకపోయారు. ఆ తర్వాత మునిసిపాలిటీ ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. అందుకని నాకు పుస్తకంలో మాట చాలదు, చివరి కుళాయి లెక్క కావాలి.

నేనడిగేది ఇది. టైము లెక్క మానేసి, గీతల లెక్క పెట్టుకుందాం. ట్యాంకు బయట మట్టం చూపే బోర్డు ఉంది కదా, దానిమీద ఏడు గీతలు గీయిస్తాను. ఎందుకు ఏడంటే, 840లో 240 సరిగ్గా ఏడింట రెండు వంతులు. పేటకి రెండు గీతలు, ఊరికి ఐదు. మన ట్యాంకు గోడ నిలువుగా ఉంది కాబట్టి గీతకీ గీతకీ మధ్య నీళ్లు సమానం. అడుగు గిన్నెలా ఉండే ట్యాంకైతే ఇది కుదరదు. గీతలు అడుగు నుంచి కాకుండా, నీళ్లు బయటికొచ్చే పైపు మట్టం నుంచి మొదలుకావాలి. దాని కింద ఉన్నవి ఎవరికీ రావు.

మోటారు నడుస్తుండగానే రెండు లైన్లూ నింపేయాలి. పేట చివరి కుళాయికి నీళ్లొచ్చాయని అక్కడి మనిషి ఫోన్ చేశాక రెండు వాల్వులూ కట్టాలి. పైపు తాగే నీళ్లు అప్పుడు ఎవరి వాటాలోనూ పడవు. తర్వాత ట్యాంకు నిండాక మోటారు ఆపి, ఒక వాల్వు తెరవాలి. వాటా గీతలు దిగగానే అది కట్టి రెండోది తెరవాలి. రెండూ కలిపి ఎప్పుడూ తెరవకూడదు.

ముందు ఎవరు? ఒక వారం ఒకరు, మరు వారం ఇంకొకరు. రెండో వంతు వాళ్లకి ట్యాంకులో మట్టం తగ్గి ధార సన్నబడుతుంది, అదే నీళ్లకి ఎక్కువసేపు నిలబడాలి. పొలం పనికి పోయేవాళ్లకి అది కష్టమే, అందుకే ఆ కష్టం మారుతూ ఉండాలి. గంటల లెక్క పెట్టుకుంటే మాత్రం వెనకున్నవాళ్లకి నీళ్లే తగ్గుతాయి. పేటవాళ్లు ముందు తీసుకుంటే ట్యాంకు ఖాళీ చేసేస్తారని ఊళ్లో భయపడేవాళ్లకీ గీతే జవాబు. అది రోడ్డుమీద పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది.

మోసం జరగదా అంటారేమో. మనిషి చెయ్యకపోయినా వాల్వు చేస్తుంది. అరిగిన వాల్వు కట్టినా నీళ్లు వదులుతూనే ఉంటుంది. నెలకోసారి రాత్రి ట్యాంకు నింపి, మోటారు ఆపి, రెండు వాల్వులూ కట్టి మట్టం రాసుకోవాలి. తెల్లారేసరికి గీత దిగితే లీకు ఉన్నట్టే. వాల్వు దగ్గర ఊరినుంచి ఒకామె, పేటనుంచి ఒకామె ఉండాలంటాను. నీళ్ల కోసం నిలబడేది ఆడవాళ్లే, గీత చూడ్డం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక ఊరివైపు నుంచి వచ్చిన రెండు కోరికలు. ఒకటి, గేదెల్ని కూడా లెక్కలో వేయమని. పాడిగేదె మనిషికంటే ఎక్కువే తాగుతుంది, నాకు తెలుసు. కానీ తాగునీళ్ల వాటాలో గేదెని వేస్తే పేటకి రెండు గీతలు ఒకటవుతాయి. కారంచేడులో గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గరే. గేదెల కుడితి బకెట్టు అందులో కడగొద్దన్నందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుపడినందుకు, 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్లు ఊరొదిలి చీరాల చేరారు. ఈ మాట ఎవర్నీ బెదిరించడానికి అనడం లేదు. పశువుల తొట్టికి చెరువు పక్క చేతిపంపు ఉంది, వానలు పడి ట్యాంకు రెండోసారి నిండినప్పుడు ఆ నీళ్లు తొట్టికి వదులుదాం. ఎండాకాలంలో మాత్రం మనిషి తర్వాతే గేదె.

రెండోది, పేటకి వేరే ట్యాంకు కట్టేస్తే పోతుంది కదా అని. కాంట్రాక్టరుకి బాగానే ఉంటుంది. బోరు ఒక్కటే అయినప్పుడు రెండు ట్యాంకులు కడితే నీళ్లు పెరుగుతాయా? పెరిగేది గోడ ఒక్కటే.

పేటవాళ్లకి కూడా ఒక మాట. నేను మీ మనిషినే, రిజర్వుడు సీటులో గెలిచినదాన్నే. బోర్డుమీద 'పేట టైము', 'ఊరి టైము' అని రాయమని మన కుర్రాళ్లే అడుగుతున్నారు, హక్కు కనబడాలని. నేను రాయను. హోటల్లో రెండు గ్లాసులు పెట్టినట్టు గడియారంలో రెండు కులాలు పెట్టడమవుతుంది. తూర్పు వాల్వు, పడమర వాల్వు అని రాస్తాను. ట్యాంకు కింద ఉన్న నాలుగు కుళాయిలకి వంతు అనేదే ఉండదు, ముందొచ్చినవాళ్లు ముందు పట్టుకుంటారు. అక్కడ కులం చూసి పేటవాళ్ల బిందెని ఊరివాళ్లెవరైనా పక్కకి నెడితే అది వంతుల తగువు కాదు, అట్రాసిటీ కేసు. ఆ కాగితం మీద ముందు సంతకం నాదే ఉంటుంది.

ఇక్కడ మరోదా జలాశయం నీళ్లు మీ క్వార్టర్లకి వస్తున్నాయి. పక్క క్వార్టరువాడిది ఏ కులమో అడిగి మీరు కుళాయి తిప్పడం లేదు. ఊరికి ఫోన్ చేసేటప్పుడు మాత్రం మీ గొంతు మారిపోతోంది.

వచ్చే సోమవారం నుంచి గీతల లెక్క మొదలుపెడతాను. మొదటి నెల రోజూ రెండు చివరి కుళాయిల దగ్గరా బకెట్టు టైము రాయించి, ఆ కాగితం ఫోటో మీ రెండు వాట్సాప్ గ్రూపుల్లోనూ పెడతాను. పేట చివర బకెట్టుకి మూడు నిమిషాలు దాటితే లెక్క మళ్లీ చూద్దాం, ఊరికి తగ్గినా చూద్దాం. టుల్లు పంపులు ఆదివారంలోగా తీసేయాలి. ఎవరి ఇళ్లలో ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పండి.

మొదటి వారం ముందు ఏ వాల్వో ఇంకా తేలలేదు. చీటీ వేద్దామా, మాట్లాడుకుని చెబుతారా?