నెలాఖరు లెక్క సరిపోయినంత మాత్రాన



ముగ్గురే పనిచేసే చిన్న ఆఫీసులో రొక్కము సంగతి ఎట్లు పరీక్షించుకోవాలో చెప్పమని మమ్మును అడిగారు. మేము లెక్కల పండితులము కాము. విడపనకల్లు వైపు ఒక ఆఫీసులో మేము కూర్చున్న కాలంలో జరిగినది చెబుతాము.

అక్కడ గురువు, కోశాధికారి, గుమాస్తా ముగ్గురమే. రశీదు రాసేది గుమాస్తాగారే, క్యాష్ బుక్కు రాసేది ఆయనే. డబ్బు బ్యాంకుకు తీసుకొనిపోయేదీ, పాసుబుక్కు తెచ్చి సరిచూసేదీ ఆయనే. కోశాధికారిగారు సేద్యగాడు గనుక తీరినప్పుడు వచ్చి సంతకం పెట్టేవారు. మేమో, దూరపు గ్రామాలకు పోతూ తేదీ లేని చెక్కుల మీద సంతకాలు చేసి ఇచ్చేవాళ్ళము. ఈ తప్పు మాది.

ఒక ఏడు కోత పండుగ నెల లెక్క చూశాము. నాలుగు ఆదివారాల రశీదుల మొత్తం రూ.22,300. బ్యాంకులో కట్టినది కూడా రూ.22,300. పైసా తేడా లేదు. అక్కడితో పుస్తకం మూసేవాళ్ళమే గాని, కమిటీలో ఒక రిటైర్డు పోస్టుమాస్టరుగారు, "అయ్యగారూ, నెల మొత్తం కాదు, వారం వారం చూడండి" అన్నారు.

చూశాము. మొదటి వారం వచ్చినది 6,000, కట్టినది 4,500. రెండవ వారం వచ్చినది 5,200, కట్టినది 4,200. మూడవ వారం వచ్చిన 4,800 అట్లే కట్టారు. నాలుగవ వారం వచ్చినది 6,300 కాగా 8,800 కట్టారు. అనగా మొదట 1,500, తరువాత మరి వెయ్యి బయట ఉండి, రెండు వారాల పైన ఆ 2,500 ఎవరి చేతిలోనో తిరిగి, నెలాఖరుకు వచ్చి చేరినది. ఆఫీసు పెట్టెలో ఉన్నదేమో అంటారా? అదే తేల్చుకోవాలి. మరుసటి నెల రెండవ వారంలో, ఎవరికీ చెప్పక, బుధవారం ఉదయాన పోయాము. మొదట రశీదు పుస్తకంలో ఆఖరి నంబరు రాసుకున్నాము. కానుకల పెట్టె, చిల్లర ఖర్చుల డబ్బా రెండూ ఒకేసారి బల్ల మీద పెట్టించాము. ఒకటి లెక్కిస్తుండగా రెండవ దానిలోనుండి నింపరాదు గదా. గుమాస్తాగారే లెక్కించారు, మేము చూశాము. బుక్కు నిలువకు రూ.1,800 తక్కువ. దానికి బదులు ఆయన పేరుతో ఒక చీటీ ఉన్నది. చీటీ రొక్కము కాదు. లెక్కించిన డబ్బు ఆయనకే అప్పగించి, ముట్టినట్లు సంతకం తీసుకున్నాము. లేనిచో రేపు మా మీదనే మాట వచ్చును.

ఆయన ఏడ్చారు. వానలు తప్పిన ఏడు, శనగ విత్తనాలకు వాడుకున్నాననీ, ప్రతిసారీ తిరిగి పెట్టాననీ అన్నారు. నిజమే, పెట్టారు. కాని ఒక వారం పెట్టలేకపోయి ఉంటే అది దొంగతనమని పేరు పొందును. నాలుగు పనులూ ఒక్కరి చేతిలో పెట్టి ఆయనను ఆ అంచున నిలిపినది ఎవరు?

ఆ తరువాత పని పంచుకున్నాము. ఆదివారం బంధుత్వం లేని ఇద్దరు సభ్యులు లెక్కించి చీటీ మీద సంతకం చేస్తారు. రశీదు, బుక్కు గుమాస్తావి. డబ్బు పట్టుకొని మరుసటి పనిదినమున కట్టేది కోశాధికారి. బ్యాంకు స్టేట్‌మెంటు మొదట గురువు చూచి, లెక్కింపు చీటీలతో వారం వారం పోల్చాలి. తేదీ లేని చెక్కు మీద మేము మరి సంతకం పెట్టలేదు.

ఒకరు మమ్మును ఎదిరించారు. రాజుల రెండవ గ్రంథము 12వ అధ్యాయంలో, నమ్మకస్థులు గనుక పనివారికి డబ్బిచ్చినవారిని లెక్క అడగలేదని ఉన్నదే అన్నారు. ఉన్నది. అదే అధ్యాయంలో, దానికి ముందు, యెహోయాదా యాజకుడు పెట్టెకు బెజ్జము చేయించిన తరువాత రాజు మనిషి, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి ఆ డబ్బు లెక్కించి సంచులలో కట్టినట్లు కూడా ఉన్నది.

పని పంచుకోవడం కాగితం మీద సులభం. ఒకరు సెలవు పెట్టిన దినాలనే పరీక్షించాలి. మేము కోశాధికారిగారు పెండ్లికి పోయిన పది దినాల బ్యాంకు స్లిప్పులు తీయగా, అన్నిటి మీదా గుమాస్తాగారి చేతిరాతే! పాత పద్ధతి వెనుక తలుపున వచ్చినది. అప్పటినుండి అట్టి దినాలకు కమిటీ సభ్యుని ఒకరిని ముందుగానే పేరు రాసి ఉంచాము.

ఈ పరీక్షలకు అందనిది ఒకటున్నది. రశీదే రాయని డబ్బు ఏ బుక్కులోనూ ఉండదు, ఎంత లెక్కించినా దొరకదు. నేడు ఫోనుతో పంపే కానుక కూడా అట్లే; గోడ మీది క్యూఆర్ కాగితం ఎవరి ఖాతాకు పోతున్నదో ఒక రూపాయి పంపి బ్యాంకు స్టేట్‌మెంటులో చూచుకోవాలి. రశీదు లేని రొక్కమునకు ఇచ్చినవారే సాక్షులు. అందుచేత నెలకొకసారి రశీదు నంబర్లు, మొత్తాలు నోటీసు బోర్డు మీద పెట్టించాము. మొదటి నెలలోనే ఒక అవ్వ వచ్చి, "నా యాభై రూపాయలు ఈడ లేవే నాయనా" అని అడిగినది. వెదకగా అది లెక్కింపు చీటీలో ఉన్నది, రశీదు మాత్రం రాయలేదు. ఆ దినమే రాసి ఆమె చేతికిచ్చాము.