బ్యాంకు మెట్లెక్కే ముందు వేసుకోవలసిన లెక్క

(సినీ రంగంలో పనిచేస్తున్న మహిళల సమావేశంలో, ఫిల్మ్‌నగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. ఎక్కువ కాలం ఇంటి అప్పుల విభాగంలోనే ఉన్నాను. అంచేత బల్లకు అవతల కూర్చున్నవాళ్లు మన కాగితాల్లో ఏం వెతుకుతారో కొంత తెలుసు. ఇవాళ ఒక్క విషయమే మాట్లాడతాను. పని ఆగిపోయి వాయిదా కట్టలేకపోతే అప్పును తిరగరాయించుకోవడం ఎలా అన్నది.

పని ఆగడం మనకు కొత్త కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపేశారు. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని ఫెడరేషన్ సమ్మె చేసింది. రెండు వారాలు దాటాక, 22.5 శాతం విడతలవారీగా పెంచే ఒప్పందంతో అది ముగిసింది. పెంపు వచ్చింది గానీ, ఆ నెల వాయిదా తేదీ ఎవరి కోసమూ ఆగలేదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది, "అప్పుడు ఆరు నెలలు ఆపారు కదమ్మా, ఇప్పుడూ ఆపమని అడగొచ్చా?" అంటారు. 2020లో మార్చి నుంచి ఆగస్టు వరకు మారటోరియం ఇమ్మని రిజర్వు బ్యాంకే అనుమతించింది. తర్వాత 2020 ఆగస్టులో ఒకసారి, 2021 మేలో మరోసారి, కోవిడ్ వల్ల దెబ్బతిన్న అప్పుల్ని ఎన్‌పీఏగా రాయకుండానే తిరగరాసే వీలు కల్పించింది. ఆ గడువులు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడున్న మామూలు నిబంధనల ప్రకారం, కష్టంలో ఉన్న మనిషి అప్పు తిరగరాస్తే బ్యాంకు దాన్ని ఎన్‌పీఏ కింద చూపించాల్సి వస్తుంది. మేనేజరు మొహం ముడుచుకునేది అందుకే. ఆయనకు మీ మీద కోపమేం లేదు. కాబట్టి "దయ చూపించండి" అంటే పని జరగదు. "ఇంత కట్టగలను, ఇదుగో రుజువు" అనాలి. ఆ "ఇంత" ఎంతో ముందే తేల్చుకోవాలి.

ఈమధ్య ఒక హెయిర్ డ్రెస్సర్ కుటుంబానికి ఈ లెక్క వేసి చూశాం. భర్త లైట్‌మన్. కృష్ణానగర్‌లో చిన్న ఫ్లాటు, అప్పు ఇద్దరి పేరా ఉంది. మిగిలిన అసలు 12 లక్షలు, వడ్డీ 9 శాతం, ఇంకా పదేళ్లు కట్టాలి. నెలకు వాయిదా 15,201 రూపాయలు. పని బాగున్న ఏడాది ఇద్దరి సంపాదన కలిపి నెలకు సగటున 46 వేలు. గడిచిన ఐదు నెలల్లో అది 28 వేలకు పడిపోయింది. తిండి, పిల్లల ఫీజు, కరెంటు, అత్తగారి మందులు కలిపి 17,500. మిగిలేది 10,500.

ఆమె మొదట ఆరు నెలలు ఏమీ కట్టకుండా ఆపించుకుందామనుకుంది. కానీ 12 లక్షల మీద నెల వడ్డీయే 9,000 అవుతుంది. ఆరు నెలలు రూపాయి కట్టకపోతే వడ్డీ అసలులో కలిసి అప్పు 12,55,000 దాటుతుంది. నెలకు 9,000 కడితే అప్పు పెరగదు, తరగదు. నేను దీన్ని నేల అంటాను. మీరు కట్టగలిగింది ఆ నేలకు పైనుంటే బ్యాంకుతో మాట్లాడటానికి చోటుంది. కింద ఉంటే గడువు పెంచినా అప్పు పెరుగుతూనే పోతుంది. అప్పుడు ఫ్లాటు మనమే అమ్ముకుని తీర్చడం గురించి కూడా ఆలోచించాలి. వేలంలో పోవడం కన్నా అది మేలు.

వీళ్లకు నేల కన్నా 1,500 ఎక్కువే ఉంది. అందుకని ఇలా అడిగాం: ఆరు నెలలు వడ్డీ మాత్రమే, అంటే 9,000. ఆ తర్వాత గడువు పదిహేనేళ్లకు పెంచితే వాయిదా 12,171. పని మెల్లగా పుంజుకుంటే ఇది అందుబాటులో ఉంటుంది. ఊరికే రాలేదు సుమండీ. పదేళ్లలో తీరేదానికన్నా పదిహేనేళ్లలో సుమారు 3,66,000 ఎక్కువ కట్టాలి, ఆ ఆరు నెలల 54 వేలు కాక. ఆమెకు ఈ అంకె కూడా చెప్పాం. "రోజువారీ ఫైనాన్సు దగ్గర తెచ్చి కట్టడం కన్నా నయమే కదా" అంది. ఒప్పుకున్నాను. అక్కడ వడ్డీ ఎంత తింటుందో ఈ గదిలో చాలామందికి తెలుసు.

ఎప్పుడు వెళ్లాలి? వాయిదా తప్పకముందే, లేదా తప్పిన మొదటి నెలలోనే. బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. ఆ తర్వాత ఇల్లు తాకట్టు ఉంటే 60 రోజుల నోటీసు రావచ్చు. ఇక్కడ ఒక కిటుకు తెలుసుకోండి. మనం కట్టింది సాధారణంగా అన్నిటికన్నా పాత వాయిదాకి జమ అవుతుంది, రోజుల లెక్క మిగిలినవాటిలో పాతదాని నుంచి మొదలవుతుంది. కాబట్టి రెండు వాయిదాలు తప్పినా, ఒకటి పూర్తిగా కడితే దాదాపు నెల వెనక్కి వస్తాం. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక మాత్రం ఈ కిటుకు పనిచేయదు. మొత్తం బకాయి తీరిస్తేనే ఖాతా మళ్లీ మామూలుదవుతుంది.

ఇక కాగితాలు. మనకు జీతం స్లిప్పులుండవు. సగం డబ్బు చేతికే వస్తుంది, బేటా అయితే ఎక్కడా ఎక్కదు. అందుకని ఆమె చేత ఒక నోటుబుక్కు రాయించాం. ఏ తేదీ, ఏ సినిమా, ఏ కంపెనీ, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ. పని ఉన్న ఏడాదివీ, లేని ఐదు నెలలవీ ఎదురెదురుగా. దానికి పాసుబుక్కు నకలు, యూనియన్ కార్డు, ఆ నెలల్లో పని లేదని యూనియన్ ఇచ్చిన ఉత్తరం జత చేశాం. పాసుబుక్కులో కనిపించని అంకెలు నోటుబుక్కులో మరీ ఎక్కువ రాయకండి. ఒక్కచోట తేడా కనిపిస్తే మిగతాదంతా నమ్మరు.

దరఖాస్తు ఒక పేజీ చాలు. ఏం తగ్గింది, ఎందుకు, ఎప్పటికి తేరుకుంటాం, ఇప్పుడు ఎంత కట్టగలం, తర్వాత ఎంత. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. నోటిమాటగా "చూద్దాంలేమ్మా" అంటే దానికి విలువ లేదు. నిర్ణయం చాలాసార్లు బ్రాంచిలో కాదు, పై ఆఫీసులో జరుగుతుంది. అక్కడ మీ మొహం కనపడదు, మీ కాగితమే కనపడుతుంది.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. "నా పేరు ఊరికే పెట్టారు, అప్పు ఆయనది" అంటుంటారు. సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే మొత్తం అప్పుకి మీరూ బాధ్యులే. ఆయన ఇల్లు వదిలిపోయినా బ్యాంకు మిమ్మల్నే అడగొచ్చు. మీ సంతకం ఉన్న అప్పు ఖాతా వివరాలు అడిగి తీసుకునే హక్కు మీకూ ఉంది. తిరగరాతకు సహ రుణగ్రహీతలందరి సంతకాలూ కావాలి. కాబట్టి చదవకుండా పెట్టకండి. చివరి పత్రంలో మూడు చూడండి: కొత్త వడ్డీ రేటు, మొత్తం వాయిదాల సంఖ్య, పాత బకాయిని అసలులో కలిపారా లేదా అన్నది. క్రెడిట్ రిపోర్టులో 'రీస్ట్రక్చర్డ్' అని వస్తుందా అని కూడా అడగండి. వస్తే కొన్నేళ్లు కొత్త అప్పు పుట్టడం కష్టం. పాత బకాయి తీర్చడానికి కొత్త పర్సనల్ లోన్ ఇస్తామంటే ఒప్పుకోకండి. ఎక్కువ వడ్డీకి గొయ్యి లోతు చేసుకున్నట్టే.

ఈ కుటుంబానికి ఏం జరిగిందంటే, రెండుసార్లు తిప్పిన తర్వాత బ్యాంకు ఆరు నెలలకు బదులు నాలుగు నెలలు వడ్డీ మాత్రమే కట్టడానికి, పదిహేనేళ్ల గడువుకి ఒప్పుకుంది. రిపోర్టులో ఆ మాట పడింది. తెలిసే ఒప్పుకున్నారు.

బ్యాంకు వద్దంటే? తిరగరాయాలని బలవంతపెట్టే చట్టం లేదు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు కూడా మారటోరియం పొడిగించమని ఆదేశించడానికి ఒప్పుకోలేదు, వడ్డీ మీద వడ్డీ మాత్రం తీసేయమంది. అయితే దరఖాస్తుకు జవాబే ఇవ్వకపోయినా, లెక్క తప్పు రాసినా, రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందో సాయంత్రం 7 తర్వాతో ఫోన్లు చేసి వేధించినా, ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పంపొచ్చు. దానికి ఫీజు లేదు. అక్కడ కూడా మొదట అడిగేది ఆ ముద్ర ఉన్న కాపీనే.

పాసుబుక్కులు తెచ్చుకున్నవాళ్లు ఆగండి. టీ తాగి, ఒక్కొక్కరి నేల ఎక్కడుందో లెక్కవేసి చూద్దాం.