మీ కాగితం చదివినవాళ్ళకి మీరు ఎవరిలా గుర్తుంటారు?

(పై చదువులకి దరఖాస్తు చేసుకుంటున్న ఆదివాసీ విద్యార్థుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ రోజు ఒక్క చిన్న పని గురించే మాట్లాడతాను. యూనివర్సిటీకో, స్కాలర్‌షిప్‌కో అప్లై చేసేటప్పుడు మీ గురించి మీరే రాయమంటారు కదా, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అని. ఐదొందల మాటలో, వెయ్యి మాటలో. దాన్ని ఎలా మొదలుపెట్టాలో చాలామంది చెప్తారు. రాసిన తర్వాత దాన్ని ఎలా పరీక్షించుకోవాలో నేను చెప్తాను. ఇందులో రెండు పనులున్నాయి. మొదటిది, రాసింది పైకి చదవడం. రెండోది, మీరెవరో తెలియని మనిషికి అది వినిపించి, 'ఇది రాసిన మనిషి గురించి మీకు ఏం గుర్తుంది?' అని అడగడం.

గోదావరి ఒడ్డున ఏజెన్సీలో ఒక కోయ ఊరి చెల్లెలు పోయిన ఏడాది నా దగ్గరకి డ్రాఫ్ట్ తెచ్చింది. పేరు చెప్పను. ప్రజా విధానంలో ఎం.ఏ. చేయాలని ఆమె కోరిక. ఇంగ్లీషులో రాసింది, ఐదొందల మాటలు. మొదటి వాక్యం తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: 'మారుమూల వెనుకబడిన గిరిజన గ్రామంలో నిరుపేద కుటుంబంలో పుట్టిన నేను, చిన్నప్పటి నుంచి ఎన్నో కష్టాలను ఎదుర్కొని, సమాజానికి సేవ చేయాలనే దృఢ సంకల్పంతో ఉన్నత విద్యను అభ్యసించాలని ఆశిస్తున్నాను.'

నవ్వకండి. మీలో సగం మంది సంచుల్లో ఇదే వాక్యం ఉంటుంది. నా సంచిలో కూడా ఒకప్పుడు ఉండేది.

నేను ఏ తప్పూ దిద్దలేదు. 'కాగితం మీదకి ప్రింట్ తీసుకో, పెన్సిల్ పట్టుకో, నిలబడి గట్టిగా చదువు' అన్నాను. ఐదొందల మాటలు తీరిగ్గా చదివితే నాలుగు నిమిషాలు పడుతుంది. చదువుతూ మూడు చోట్ల గీత పెట్టమన్నాను. ఊపిరి చాలని చోట ఒకటి. నాలుక తడబడిన చోట ఒకటి. కాగితం వదిలేసి నోటితో చెప్పాలనిపించిన చోట ఇంకొకటి.

మొదటి వాక్యం మధ్యలోనే ఊపిరి అయిపోయింది. అది పొడుగు వాక్యం అనుకుంటే సరిపోదు. ఒకే వాక్యంలో పుట్టుక, పేదరికం, కష్టం, సేవ, చదువు అన్నీ కుక్కితే ఏదీ చెప్పినట్టు కాదు. ఊపిరి ఆగే చోట సాధారణంగా రెండు మూడు విషయాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉంటాయి. 'దృఢ సంకల్పం' దగ్గర నాలుక తడబడింది. అది ఆమె మాట కాదు, ఎవరో సీనియర్ కాగితంలోంచి వచ్చిన మాట. మన మాట కానిది మన నోట్లో తిరగదు.

మూడో గీత అసలైనది. నాలుగో పేరాలో ఒక వాక్యం ఉంది: 'మా గ్రామంలో పోడు సమస్యల పరిష్కారానికి కృషి చేశాను.' అక్కడికి రాగానే ఆమె ఆగి, కాగితం కిందికి దించి, 'అంటే అన్నా, ఏమైందంటే' అని మొదలుపెట్టింది. అటవీ హక్కుల చట్టం కింద వాళ్ళ ఊరి నుంచి ముప్పై ఒక్క అర్జీలు పెట్టారు. తొమ్మిది ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో ఊళ్ళో ఎవరికీ కాగితం రాలేదు. ఈమె సెలవుల్లో అటవీ హక్కుల కమిటీ వాళ్ళతో కూర్చుని ఒక నోటుబుక్కులో పట్టిక గీసింది. ఎవరి అర్జీ, ఏ ఆధారాలు పెట్టారు, గ్రామసభ తీర్మానం నకలు ఉందా లేదా, ఏ స్థాయిలో ఆగింది. ఆరింటిలో ఒకటే లోపం కనపడింది. పెద్దవాళ్ళ వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా ఆధారంగా పెట్టొచ్చని నియమాల్లో ఉన్నా, ఎవరూ రాయించలేదు. ఈమె పెద్దవాళ్ళు కోయలో చెప్పింది విని తెలుగులో రాసి, చదివి వినిపించి, వేలిముద్రలు వేయించింది.

ఇదంతా ఆమె నోట్లో ఉంది, కాగితంలో లేదు. పైకి చదవడం వల్ల పెద్ద లాభం ఇదే. కాగితం వదిలి మీరు నోటితో కలుపుతున్నది ఏదైనా ఉంటే, అది కాగితంలో ఉండాల్సింది. కమిటీ ముందు మీరు పక్కన నిలబడి 'అంటే ఏమైందంటే' అని చెప్పలేరు.

అయినా అప్పుడే మార్చొద్దన్నాను. మొదటి డ్రాఫ్ట్‌నే ఒక తెలియని మనిషికి వినిపించమన్నాను. హాస్టల్ స్నేహితురాలికి బాబాయి ఒకాయన ఉన్నాడు, పట్నంలో బ్యాంకు ఉద్యోగి. ఫోన్లో చదివి వినిపించింది. పది నిమిషాలు వేరే మాటలయ్యాక అడిగింది. ఆయన అన్నది ఇది: 'పాపం, చాలా కష్టపడి చదువుకుంది. టీచర్ అవ్వాలనుకుంటోంది కదా?'

టీచర్ అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. మరి ఆయనకి ఎక్కడినుంచి వచ్చింది? గిరిజన గ్రామం, పేదరికం, సేవ. ఈ మూడూ వినగానే ఆయన మనసులో ముందే ఉన్న బొమ్మ లేచి కూర్చుంది. మనం ఖాళీ వదిలిన చోట చదివేవాళ్ళు తమ దగ్గరున్న బొమ్మ పెడతారు. వాళ్ళ దగ్గర మన గురించి ఏ బొమ్మ ఉందో మీకు తెలుసు. జాలి బొమ్మ ఒకటి, భయం బొమ్మ ఇంకొకటి.

ఇక్కడ అడిగే పద్ధతి ముఖ్యం. 'బాగుందా?' అని అడగకండి. బాగుందనే అంటారు, దానివల్ల మీకేమీ తెలియదు. ఒక్కసారే వినిపించి, కాగితం తీసేసి, కాసేపాగి మూడు ప్రశ్నలు అడగండి. ఇది రాసిన మనిషి ఎలాంటి మనిషి? ఏం చేయాలని వస్తోంది? ఆమె ఎదురుగా ఉంటే ఏం అడుగుతారు? వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. 'కాదండీ, నా ఉద్దేశం అది కాదు' అని మధ్యలో వాదించకండి. చివర్లో మాత్రం, 'ఏ మాట దగ్గర మీకలా అనిపించింది?' అని అడగొచ్చు.

తెలియని మనిషే ఎందుకంటే, నాకు మీరు తెలుసు. మీరు రాయనిది కూడా నేను చదివేస్తాను. మన సంఘంలో వాళ్ళకి పోడు అంటే చెప్పక్కర్లేదు, ఐటీడీఏ అంటే చెప్పక్కర్లేదు. కమిటీలో కూర్చున్నవాళ్ళకి ఆ రెండూ తెలియకపోవచ్చు. ఒకసారి విన్న మనిషి మళ్ళీ పనికిరాడు, ఆయనకి ఇప్పుడు కథ తెలిసిపోయింది. ప్రతి డ్రాఫ్ట్‌కీ కొత్త మనిషి కావాలి. ముగ్గురు దొరికితే చాలు.

చెల్లెలు రెండో డ్రాఫ్ట్ నోటుబుక్కుతో మొదలుపెట్టింది. 'మా ఊళ్ళో ముప్పై ఒక్క అర్జీల్లో తొమ్మిది ఆగిపోయాయి. ఎందుకో తెలుసుకోవడానికి నేను ఒక పట్టిక గీశాను.' ఊపిరి చాలింది, నాలుక తడబడలేదు. రెండో మనిషి, ఒక నర్సమ్మ, విని ఇలా అంది: 'కాగితాలు ఎక్కడ ఆగాయో పట్టుకునే అమ్మాయి. కానీ పోడంటే అడవి నరకడమే కదా, దానికెందుకు సాయం చేస్తోంది?'

చెల్లెలికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. కానీ ఆ ప్రశ్న కమిటీలో ఎవరికైనా రావచ్చు, వాళ్ళు పైకి అడగరు కూడా. అందుకని రెండు వాక్యాలు కలిపింది. 2005 డిసెంబర్ 13 నాటికి ఆదివాసీల సాగులో ఉన్న అటవీ భూమికి 2006 చట్టం హక్కును గుర్తిస్తుందని ఒకటి. ఈ అర్జీలు కొత్తగా అడవి కొట్టడానికి కావని, అప్పటికే దున్నుతున్న చెలకల కోసమని ఇంకొకటి. వాదన లేదు, నినాదం లేదు.

మూడో మనిషి రిటైరైన పోస్టుమాస్టరు. ఆయన మాట: 'రికార్డుల్లో లోపం ఎక్కడుందో వెతికే మనిషి. చట్టం పైనుంచి ఊరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుందో చదువుకోవాలని వస్తోంది. ఇంతకీ ఆ తొమ్మిదీ ఏమయ్యాయి?'

ఈ ప్రశ్న వస్తే డ్రాఫ్ట్ దారిలో పడ్డట్టే. జాలిపడ్డ మనిషి ఇంకేమీ అడగడు. పని చూసిన మనిషి తర్వాత ఏమైందని అడుగుతాడు. ఆమె చివర్లో ఒక్క వాక్యం పెట్టింది: 'ఆరు అర్జీలు వాంగ్మూలాలతో మళ్ళీ పంపాం, ఇంకా జవాబు రాలేదు, మిగతా మూడు ఎందుకు ఆగాయో నాకు ఇప్పటికీ తెలియదు, అది తెలుసుకోవడానికే ఈ కోర్సు.' గెలిచామని రాయలేదు, గెలవలేదు కాబట్టి.

పేదరికం దాచిపెట్టమంటున్నానా? లేదు. ఇంటర్ మొదటి ఏడాది ఆమెకి మార్కులు తగ్గాయి. మొదటి డ్రాఫ్ట్‌లో అది 'ఎన్నో కష్టాలు'. చివరి డ్రాఫ్ట్‌లో 'ఇంట్లోవాళ్ళతో మిరప కోతలకి వెళ్ళాను, రెండు నెలలు కాలేజీ పోయింది'. మొదటిది జాలి అడుగుతుంది. రెండోది మార్కుల పక్కన కారణం పెడుతుంది. ఎస్టీ అని సర్టిఫికెట్ చెప్తుంది, ఫారంలో గడి ఉంది. ఈ కాగితంలో చెప్పాల్సింది మీరు ఏం చేశారన్నది.

ఒక జాగ్రత్త. వినేవాళ్ళు మందు కూడా చెప్తారు. 'ఇంకొంచెం బాధ పెట్టమ్మా, మనసు కరగాలి' అని ఆ బ్యాంకు బాబాయే అన్నాడు. వాళ్ళకి ఏం గుర్తుందో అది తీసుకోండి, ఎలా రాయాలో వాళ్ళు చెప్పేది తీసుకోనక్కర్లేదు. ఒక్కరికే అనిపించింది వాళ్ళ అభిరుచి కావచ్చు. ఇద్దరికి ఒకేలా అనిపిస్తే మాత్రం మీ కాగితంలోనే ఏదో ఉంది. ఇంగ్లీషు రాని మనిషైతే తెలుగులో చెప్పి వినిపించండి, విషయం నిలుస్తుందో లేదో తెలుస్తుంది. వ్యాకరణం తప్పులు ఈ పద్ధతిలో దొరకవు, వాటికి చివర్లో ఇంగ్లీషు తెలిసినవాళ్ళకి చూపించాలి. కాగితం ఫోటో మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, మీ నోటుబుక్కు ఇంకొకరి కథ అయిపోతుంది.

దీనికి ఆఖరు తేదీకి పది రోజుల ముందైనా డ్రాఫ్ట్ చేతిలో ఉండాలి. ఒక్కో మనిషికీ మధ్య ఒక రాత్రి వదలండి.

ఇప్పుడు మీ కాగితాలు బయటికి తీయండి. పక్క జిల్లా నుంచి వచ్చిన, మీకు పేరు కూడా తెలియని వాళ్ళ పక్కన కూర్చోండి. ఒకసారి చదివి వినిపించి, కాగితం మడిచేయండి. టీ తాగొచ్చాక అడగండి, ఏం గుర్తుందో.

జోహార్.