ఇషా వుజూలో ఒకసారి, ఫజర్ వుజూలో ఒకసారి
(సంస్థ వార్షిక సమావేశంలో వైద్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ సభలో ఎంతమందిని చూశామో, ఎన్ని మందులు పంచామో లెక్క చెబుతూ వచ్చాం. ఈసారి ఆ లెక్కలన్నీ నివేదికలో ఉన్నాయి కాబట్టి, మేము ఒకే ఒక్క మనిషి కాళ్ల గురించి మాట్లాడదలచుకున్నాం. అందులో మేము చేసిన పొరపాటు కూడా ఉంది. మీరిచ్చిన సొమ్ముతో నడిచే దవాఖానాలో జరిగింది గనుక అది మీకు తెలియాలి. ఆయన అనుమతి తీసుకున్నాం, పేరు మాత్రం చెప్పం.

ఆయన పెళ్లిళ్లకు వంట చేసే బావర్చీ. వయసు 52. వలీమా విందు ఉందంటే పొయ్యిల దగ్గర ఎనిమిది, పది గంటలు నిలబడే ఉంటారు. పని ముగిసేసరికి రెండు కాళ్లూ చీలమండల దాకా వాచి, చెప్పుల పట్టీ అచ్చు పడి ఉండేది. నిరుటి శిబిరంలో మా దగ్గరికి వచ్చి, "డాక్టర్ సాబ్, నిలబడీ నిలబడీ కాళ్లకు నీరొస్తోంది, నీళ్ల బిళ్ల ఇవ్వండి" అన్నారు. ఆ రోజు బయట పెద్ద వరస ఉంది. ఆయన చెప్పిన కారణం సబబుగానే అనిపించింది. మేము పది రోజులకు నీళ్ల బిళ్లలు రాసిచ్చాం. వాపు తీసింది. ఆయన దుఆ చేసి వెళ్లిపోయారు.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి మేము కాళ్లు చూసే ముందే ఆయన బీబీ ఒక మాట అన్నారు: "సాయంత్రం కాళ్లు సరే సాబ్, పొద్దున లేవగానే ఈయన కళ్లు ఉబ్బి ఉంటున్నాయి." ఆ ఒక్క మాటతో మేము కలం పక్కన పెట్టాం. ఎందుకో చెప్పాలంటే ముందు మామూలు వాపు ఎలా వస్తుందో చెప్పాలి.

గుండె నుంచి కాళ్లలోకి దిగిన రక్తం మళ్లీ పైకి ఎక్కాలి. దాన్ని పైకి నెట్టేది ప్రధానంగా పిక్కల కండరాలు. నడుస్తుంటే అవి బిగుసుకుని, వదులై, సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తాయి. ఆ రక్తం వెనక్కి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. కదలకుండా నిలబడితే ఈ పంపు ఆగిపోతుంది. పాదం సిరల్లో ఒత్తిడి పెరిగి, రక్తంలోని నీరు కొద్దికొద్దిగా చర్మం కిందికి ఊరుతుంది. వంటవాళ్లు, దర్జీలు, బట్టల షాపుల్లో పనిచేసే పిల్లలు, పాఠం చెప్పే టీచర్లు, అందరికీ ఇదే కథ. బస్సులోనో విమానంలోనో గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చున్నా ఇదే జరుగుతుంది. రాత్రి పడుకుంటే కాళ్లూ గుండే ఒకే మట్టంలోకి వస్తాయి, ఊరిన నీరు తిరిగి రక్తంలో కలుస్తుంది, తెల్లవారేసరికి వాపు ఉండదు.

కాబట్టి మొదటి పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు. మనం వుజూలో ఎలాగూ కాళ్లు కడుగుతాం. ఇషా వుజూ చేసేటప్పుడు చీలమండకు నాలుగు వేళ్ల పైన, ముందువైపు ఎముక మీద బొటనవేలితో పదంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి వదలండి. గుంట పడి అలాగే నిలిస్తే అక్కడ నీరుంది. ఫజర్ వుజూలో అదే చోట మళ్లీ నొక్కండి. రాత్రి పడిన గుంట పొద్దున పడకపోతే, రెండు కాళ్లకూ సమానంగా వస్తుంటే, వేరే ఏ ఇబ్బందీ లేకపోతే, చాలావరకు అది నిలబడడం వల్ల వచ్చిన వాపే. ఫజర్‌కు కూడా గుంట పడుతుంటే దాన్ని నిలబడడం మీదికి నెట్టి ఊరుకోకూడదు.

బావర్చీ భాయిని అదే అడిగాం. ఐదేళ్లుగా సాయంత్రం వాస్తున్నా పొద్దుటికి తగ్గేదట. గత రెండు నెలలుగా ఫజర్‌కు కూడా తగ్గడం లేదు. మూత్రం బాగా నురగ కడుతోంది. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొన్న నొప్పి బిళ్ల రోజుకు రెండు చొప్పున ఏడాదిగా మింగుతున్నారు. ఈ చివరి సంగతి మేము నిరుడు అడగనే లేదు.

బీపీ 160/100 ఉంది. మూత్రంలో పట్టీ ముంచి చూస్తే ప్రోటీన్ మూడు ప్లస్‌లు చూపించింది. రక్తంలో క్రియాటినిన్ 1.9 వచ్చింది. అంటే కిడ్నీల జల్లెడ దెబ్బతిని, రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి కారిపోతోంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేది ముఖ్యంగా ఆ ప్రోటీనే. పైగా ఆ కిడ్నీలు ఉప్పును సరిగా బయటికి పంపలేవు. కళ్ల చుట్టూ చర్మం పలచన కాబట్టి రాత్రంతా పడుకుని లేచేసరికి నీరు అక్కడ కనబడుతుంది, పగలంతా నిలబడితే కాళ్లలోకి దిగుతుంది. షుగర్, బీపీ ఆ జల్లెడను పాడుచేస్తూ వచ్చాయి, నొప్పి బిళ్లలు ఆ పాడును తొందర చేశాయి.

ఇప్పుడు మా పొరపాటు సంగతి. నీళ్ల బిళ్ల ఒంట్లోని నీటిని మూత్రంగా తోడేస్తుంది. చాలా కారణాల వల్ల వచ్చే వాపు కొంత తగ్గుతుంది. తగ్గింది కదా అని రోగీ నమ్ముతాడు, వైద్యుడూ నమ్ముతాడు. నిరుడు ఒక్క పట్టీ ముంచి చూసి ఉంటే ఆ ప్రోటీన్ అప్పుడే బయటపడేదేమో. మేము ఇచ్చిన పది రోజుల బిళ్లలు ఆయనకు ఎనిమిది నెలల ధీమా ఇచ్చాయి. ఆ ఎనిమిది నెలలూ నొప్పి బిళ్లలు నడుస్తూనే ఉన్నాయి.

ఇదే వాపు గుండె వల్ల వచ్చి ఉంటే ఆయన వేరే మాటలు చెప్పేవారు. గుండె బలహీనపడితే రక్తం వెనక నిలిచిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వెల్లకిలా పడుకోలేక రెండు మూడు దిండ్లు పెట్టుకోవాల్సి వస్తుంది. నడిరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటారు. ఇక్కడ మా ఫజర్ పరీక్షకు ఒక హద్దు ఉంది, దాన్ని దాచకూడదు. గుండె జబ్బు తొలి దశలో కూడా పడుకుంటే కాళ్ల వాపు తగ్గవచ్చు. ఆ నీరంతా ఎక్కడికీ పోలేదు, తిరిగి రక్తంలో చేరింది. అందుకే కాళ్లు తగ్గిన ఆ రాత్రే ఆయాసం పెరుగుతుంది, మూత్రానికి పదేపదే లేవాల్సి వస్తుంది. ఆయాసం ఉన్నవారు పొద్దున కాళ్లు మామూలుగా ఉన్నాయని నిశ్చింతగా ఉండకండి. ఇలాంటివారికి బరువు చూసే యంత్రం మంచి సాక్షి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజే డాక్టరును కలవాలి.

లివర్ చెడితే సాధారణంగా పొట్ట ముందు మాట్లాడుతుంది. పొట్టలో నీరు చేరి నడుము పట్టీ బిగుస్తుంది, కళ్లు పచ్చబడవచ్చు, ఆకలి పోతుంది. అల్బుమిన్‌ను తయారుచేసేది లివరే కాబట్టి కాళ్లూ వాస్తాయి. మనవాళ్లలో ఒక మాట వింటుంటాం: "మేము మద్యం ముట్టం, మాకు లివర్ జబ్బెందుకొస్తుంది?" హెపటైటిస్ బి, సి వైరస్‌లకు మద్యంతో పని లేదు. షుగర్, అధిక బరువు ఉన్నవారికి వచ్చే కొవ్వు లివర్‌కూ లేదు. ఆ మాట పట్టుకుని పరీక్ష వాయిదా వేసుకున్నవారిని, నలుగురు ఏమనుకుంటారోనని జబ్బు దాచుకున్నవారిని మేము చూశాం.

కొన్నిసార్లు దోషం మన మందుల డబ్బాలోనే ఉంటుంది. బీపీకి విరివిగా వాడే ఆమ్లోడిపిన్, ముఖ్యంగా పది మిల్లీగ్రాముల మోతాదులో, కొందరికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది. ఆ వాపుకు నీళ్ల బిళ్ల పెద్దగా పనిచేయదు, డాక్టరు ఆ మందును తగ్గించడమో మార్చడమో చేయాలి. మీ అంతట మీరు ఆపేస్తే బీపీ ఎగబాకుతుంది. కాబట్టి ఎక్కడ చూపించుకున్నా వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

మర్నాటి దాకా ఆగకూడని వాపులు కూడా ఉన్నాయి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పి పెట్టి వెచ్చగా ఉంటే, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతో, ఉమ్రా వంటి దూర ప్రయాణం తర్వాతో అయితే, సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలిని మర్దన చేయకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. నిండు నెలల గర్భిణికి ముఖం, చేతులు వాచి తలనొప్పి ఉన్నా, చూపు మసకబారినా అంతే.

వట్టి నిలబడడం వల్లే వాపు అని తేలినవారికి బిళ్లలతో పని లేదు. గంటకోసారి నాలుగడుగులు నడవాలి. నిలబడిన చోటే మడమలు ఎత్తి దించుతుంటే పిక్కల పంపు తిరుగుతుంది. ఇంటికొచ్చాక పావుగంట సేపు కాళ్లను గుండె కన్నా ఎత్తులో పెట్టి పడుకోవాలి. బిగుతు మేజోళ్లు వేసుకోవాలంటే, షుగర్ ఉన్నవారు, పొగతాగేవారు ముందు కాళ్లకు రక్తం సరిగా అందుతోందో లేదో చూపించుకోవాలి.

బావర్చీ భాయికి నొప్పి బిళ్లలు మాన్పించాం. కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపాం. ఆయన బీపీ మందు మార్చారు, ఉప్పు బాగా తగ్గించమన్నారు. "ఉప్పు చూడకుండా దేగు ఎలా దించను సాబ్?" అని ఆయన నవ్వారు. ఇప్పుడు ఉప్పు చూసేది ఆయన కొడుకు. ఆరు నెలలైంది. క్రియాటినిన్ 1.8 దగ్గర నిలకడగా ఉంది, మూత్రంలో ప్రోటీన్ ఒక ప్లస్‌కు దిగింది. కిడ్నీలు మళ్లీ కొత్తవి కావు. ఉన్నవాటిని కాపాడుకుంటున్నాం, అంతే.

ఆ రోజు నుంచి మా దవాఖానాలో ఒక నియమం పెట్టుకున్నాం. కాళ్ల వాపుతో ఎవరొచ్చినా, వరస ఎంత పొడవున్నా, బీపీ చూసి, బరువు తూచి, మూత్రంలో పట్టీ ముంచి, మందుల సంచి విప్పి చూశాకే కలం పట్టుకుంటాం. ఈ ఏడు జమాఖర్చుల్లో మందుల పద్దు తగ్గి, పరీక్షల పద్దు పెరిగిందేమని మీలో కొందరు అడిగారు. మా జవాబు ఇదే.

అల్లాహ్ మనందరికీ ఆఫియత్ ప్రసాదించుగాక, మా పొరపాట్లను మన్నించుగాక. ఆమీన్.