లెఫ్ట్ రాయాలా, హ్యాడ్ లెఫ్ట్ రాయాలా?

ఇవాళ ఒకే ఒక్క డౌట్. ఒక వాక్యంలో జరిగిపోయిన పనులు రెండున్నాయి. రెండింటినీ పాస్ట్ సింపుల్‌లో పెట్టాలా, లేక ఒకదానికి హ్యాడ్ తగిలించి పాస్ట్ పర్ఫెక్ట్ చేయాలా?

మన వైజాగ్ పోర్టులో మీరు షిఫ్ట్ రిపోర్ట్ రాస్తున్నారనుకోండి. క్రేన్ ఆగిపోయింది. మీరిలా రాశారు: "వెన్ ద క్రేన్ స్టాప్డ్, ద ఆపరేటర్ లెఫ్ట్ ద క్యాబిన్." చదివినవాళ్లకి ఏం అర్థమవుతుంది? ముందు క్రేన్ ఆగింది, తర్వాత ఆపరేటర్ దిగాడు. ఇప్పుడు లెఫ్ట్‌ని "హ్యాడ్ లెఫ్ట్" చేయండి. క్రేన్ ఆగేటప్పటికే క్యాబిన్‌లో ఆపరేటర్ లేడని అర్థం. ఎంక్వైరీ జరిగితే ఆ ఒక్క మాట దగ్గరే అతని ఉద్యోగం ఆగుతుంది.

మనకి ఈ కన్ఫ్యూజన్ ఎందుకొస్తుందంటే, తెలుగులో క్రియ మారదు. "క్రేన్ ఆగగానే ఆపరేటర్ దిగిపోయాడు" అంటాం. "క్రేన్ ఆగేసరికి ఆపరేటర్ దిగిపోయాడు" అని కూడా అంటాం. రెండు చోట్లా దిగిపోయాడే. తేడా అంతా ఆగగానే, ఆగేసరికి అన్న మాటల్లో ఉంది. ఇంగ్లిష్‌లో వెన్ అనే మాట ఆ తేడా చూపించదు కాబట్టి, క్రియే చూపించాలి.

అందుకే ఇలా చెక్ చేయండి. వాక్యాన్ని తెలుగులో అనుకుని, రెండో పని ముందు "అప్పటికే" పెట్టి చూడండి. "క్రేన్ ఆగేసరికి అప్పటికే దిగిపోయాడు" అన్నదే మీరు చెప్పాలనుకున్నదైతే హ్యాడ్ కావాలి. "అప్పటికే" పెడితే జరిగిన కథ మారిపోతోందంటే పాస్ట్ సింపుల్ చాలు.

బిఫోర్, ఆఫ్టర్ ఉంటే మాత్రం ఇంత ఆలోచించక్కర్లేదు. "ద ఆపరేటర్ లెఫ్ట్ బిఫోర్ ద క్రేన్ స్టాప్డ్." ఏది ముందో బిఫోర్ చెప్పేసింది. హ్యాడ్ పెట్టినా తప్పు కాదు, పెట్టకపోయినా తప్పు కాదు.

దీనికి రివర్స్ తప్పు ఇంకోటుంది. పాత విషయం కదా అని ఊరికే హ్యాడ్ పెట్టేయడం. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ చూశారుగా? "కుర్సురా హ్యాడ్ జాయిన్డ్ ద నేవీ ఇన్ 1969" అని విడిగా రాస్తే కుదరదు. ఎంత పాతదైనా పని ఒక్కటే, కాబట్టి "జాయిన్డ్" చాలు. అదే "వెన్ ఇట్ బికేమ్ ఎ మ్యూజియమ్ ఇన్ 2002, ఇట్ హ్యాడ్ సర్వ్డ్ ద నేవీ ఫర్ 31 ఇయర్స్" అంటే కరెక్ట్. 2002లో నిలబడి, అంతకుముందు గడిచినదాన్ని చూస్తున్నాం. అప్పటికే 31 ఏళ్లు పనిచేసింది అని తెలుగులో కూడా చక్కగా కుదిరింది కదా.

ఇప్పుడు మీరు చేయండి: "మేం స్టేషన్‌కి వెళ్లేసరికి ట్రైన్ వెళ్లిపోయింది." ఇంగ్లిష్‌లో కామెంట్ చేయండి, హ్యాడ్ ఎక్కడ పెట్టారో చూస్తాను.