బేరగాడి వెనక ఉన్నదెవరు?

ఒక లెక్క చూద్దాం. మీరు పది క్వింటాళ్ల మిర్చి క్వింటా 12,000 చొప్పున ఒకాయనకు అమ్మారు. "నాకోసమే కొంటున్నా" అన్నాడు. 20,000 ఇచ్చాడు, మిగతా లక్షకు ముఖం చాటేశాడు. అసలు కొన్నది గుంటూరులో ఓ వ్యాపారి అని తర్వాత తెలిసింది. దావా ఎవరి మీద వెయ్యాలి?

1872 కాంట్రాక్టు చట్టం, 230వ సెక్షన్: అసలు మనిషి పేరు చెప్పని ఏజెంటు, వేరే ఒప్పందం లేకపోతే, తానే బాధ్యుడు. 233: ఏజెంటు మీదైనా, వ్యాపారి మీదైనా, ఇద్దరి మీదా వెయ్యొచ్చు.

కానీ సరుకు ఆ వ్యాపారికోసమే కొన్నాడని మనమే రుజువు చెయ్యాలి. అందుకే కాటా చీటీ, లారీ బిల్లు, ఫోన్‌లో డబ్బు పడ్డ మెసేజీ దాచుకోండి. "వ్యాపారి దగ్గరే తీసుకుంటా" అని ఏజెంటుకు రాసివ్వొద్దు, 234 కింద అతను తప్పించుకుంటాడు. మామూలుగా గడువు సరుకు ఇచ్చిన రోజునుంచి మూడేళ్లే.