“అంతా బాగానే ఉందన్నా” అంటే అనుమానించాలి

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిన మాటలే ఇవి, వినే తీరిక లేనివాళ్ళ కోసం.

నేనుండేది బుకిట్ పంజాంగ్‌లో, ఫజార్ ఎల్‌ఆర్‌టీ స్టేషన్ దగ్గర. మా టీమ్‌లో ఒక తమ్ముడున్నాడు, గుంటూరు వైపు అబ్బాయి. ప్రతి బుధవారం అరగంట మా ఇద్దరికీ వన్ ఆన్ వన్. నేను టికెట్ల లిస్టు తెరిచి ఒక్కోటీ అడిగేవాణ్ణి. “అయిపోవచ్చిందన్నా, అంతా బాగానే ఉందన్నా” అనేవాడు. ఎనిమిది నెలలు ఇదే వరస.

రిలీజ్‌కి మూడు రోజుల ముందు, తన మాడ్యూల్ అవ్వదని చెప్పాడు. ఆ సంగతి తనకి ఆరు వారాల కిందటే తెలుసట! ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, “మీరడిగేది అయ్యిందా లేదా అనే కదన్నా. లేదంటే పాస్ మీదకొస్తుందేమోనని భయమేసింది” అన్నాడు.

ఇక్కడున్నవాళ్ళకి ఆ భయం తెలుసు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ కంపెనీతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే మామూలుగా ముప్ఫై రోజులే టైము. భార్య డిపెండెంట్ పాస్ కూడా దానితోనే పోతుంది. అలాంటి మనిషిని వారంవారం లెక్క అడిగితే చెడ్డ కబురు దాచుకోడా మరి?

అందుకని మూడు మార్చాను. ఒకటి, స్టేటస్ మొత్తం మంగళవారం సాయంత్రానికి ఐదు లైన్లలో రాసి పంపమన్నాను. చదివే వెళ్తాను, మీటింగ్‌లో దాని ఊసెత్తను.

రెండు, ఏం మాట్లాడాలో తనే నిర్ణయిస్తాడు. ఇది నా తెలివేం కాదండీ. ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ 1983లోనే తన పుస్తకంలో ఇది కింద పనిచేసేవాడి మీటింగని రాశాడు. తనకి ఏమీ తోచకపోతే నేనడిగేది ఒక్కటే: “ఈ వారం దేనికి అనుకున్నదానికన్నా ఎక్కువ టైం పట్టింది?” ఏదైనా సమస్యా అంటే లేదనేస్తారు. ఇలా అడిగితే ఏదో ఒకటి ఆలస్యమవడం మామూలే అన్నట్టుంటుంది, తప్పు ఒప్పుకున్నట్టు ఉండదు. అడిగాక నోరు మూసుకుని కూర్చోవాలి. అదే కష్టం.

మూడు, నేను చేస్తానన్నది నోట్‌బుక్‌లో రాసుకుని, తరవాతి వారం దానితోనే మొదలుపెడతాను.

మొదటి మూడు వారాలు పాత పాటే. నాలుగో వారం, వేరే టీమ్ డేటాకి యాక్సెస్ రావట్లేదన్నాడు. సోమవారానికల్లా ఇప్పించాను. ఆ తరవాతి వారం ఊళ్ళో నాన్నగారి కంటి ఆపరేషన్ గురించి చెప్పి సెలవడిగాడు. ఆరో వారం తనంతట తనే, “ఇది రెండు వారాలు లేటవుతుందన్నా” అన్నాడు. డెడ్‌లైన్ ఇంకా నెల ఉంది. నాకు కావలసింది అదే, చెడ్డ కబురు ముందుగా రావడం. ఆ రోజు నేను విసుక్కుని ఉంటే మళ్ళీ మొదటికొచ్చేది.

ఒక హద్దుంది. అన్నీ నా దగ్గరే ఉంటాయని మాటివ్వకండి. వేధింపుల్లాంటివైతే హెచ్‌ఆర్‌కి చెప్పాల్సొస్తుందని ముందే చెప్పండి. ఇంకోటి, పనుండి కుదరకపోతే అదే వారంలో ఇంకో రోజుకి జరపండి, రద్దు చెయ్యకండి.

ఈ బుధవారం మీటింగ్ అయ్యాక ఒక్కసారి చూసుకోండి: మీరు విన్నదంతా టికెట్లలో ఉన్నదేనా? ఉంటానండీ.